నానమ్మ చేత మొదటి ఈమెయిల్ రాయించడం ఎలా

ముందే చెప్తున్నా, ఇది ఒక్క ఆదివారం మధ్యాహ్నంలో తేలే పని కాదు. రెండు పూటలు పెట్టుకోండి. ఒక పూట ఫోన్ సిద్ధం చేయడానికి, అప్పుడు నానమ్మ మీ పక్కన కూర్చోనక్కర్లేదు. రెండో పూట రాయడానికి. నేను రెండూ కలిపి పెట్టుకున్నాను. అకౌంటు, ఓటీపీ, పాస్‌వర్డు, మళ్ళీ పాస్‌వర్డు, ఇవన్నీ ఆవిడ కళ్ళముందే కొడుతూ కూర్చుంటే, అసలు ఉత్తరం రాసే వేళకి ఆవిడ కుర్చీలోనే కునుకు తీసింది.

మాది విశాఖపట్నంలో కంచరపాలెం. తమ్ముడు జర్మనీలో ఎమ్మెస్ చదువుతున్నాడు. వాట్సాప్ ఉండగా ఈ మెయిల్ గోలేంటి అని మీరూ అంటారు, మా నాన్నా అదే అన్నారు. కానీ వాళ్ళిద్దరి వీడియో కాల్ మీరు వినాలి. తిన్నావా, తిన్నాను, చలిగా ఉందా, లేదు నానమ్మా మే నెల కదా, సరే జాగ్రత్త, అంతే. ఆవిడకి చెప్పాల్సింది వేరే ఉంది. మా పెరట్లో మామిడి చెట్టుండేది, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు విరిగి పడిపోతే కోసేసి మోడు వదిలేశాం. ఆ మోడు చిగురేసి, పెద్దదై, ఈ ఏడు మొదటిసారి కాసింది. ఆ చెట్టు పడిన రోజు తమ్ముడు ఏడ్చాడు. ఈ మాట ఫోన్లో చెప్తే "అవునా, సూపర్ నానమ్మా" అన్నాడు. ఆవిడకి అది సరిపోలేదు. తాతయ్య ఓడల మీద పనిచేసే రోజుల్లో నెలకి రెండు ఉత్తరాలు రాసిన మనిషి. "ఫోన్లో అయితే వాడు వినీసి మర్చిపోతాడు, రాస్తే రెండోసారి చదువుతాడు. ఆ మెయిలేటో నాకు చూపించు" అంది.

సరే, మొదటి పూట సంగతి.

ఫోన్ ఎవరిదో చూడండి. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళ చేతికొచ్చేది సాధారణంగా కొడుకు వాడి వదిలేసిన ఫోనే. అందులో కొడుకు గూగుల్ అకౌంటే ఉంటుంది. అలాగే పంపేస్తే అక్కడ మనవడికి "నాన్న" పేరుతో మెయిల్ వెళ్తుంది, జవాబులూ నాన్నకే వస్తాయి. అందుకని జీమెయిల్ తెరిచి, పైన కుడివైపు మూల ఉండే గుండ్రటి బొమ్మ నొక్కి, `Add another account` దగ్గర నుంచి ఆవిడకంటూ ఒక కొత్త అకౌంటు తెరవండి. పేరు తెలుగులోనే ఇవ్వొచ్చు, మెయిల్ అందుకున్నవాడికి ఆ పేరే కనిపిస్తుంది. నేను సరదాగా "నానమ్మ" అని కొట్టబోతే ఆవిడ ఆపింది. "బేంకోడికి కూడా నేను నానమ్మనేటి?" పాయింటే. సొంత పేరు పెట్టాం. పాస్‌వర్డు కాగితం మీద రాసి బ్యాంకు పాస్‌బుక్కుతో పాటు ఉంచండి, పంచాంగం వెనక రాయొద్దు, ఉగాదికి పంచాంగం మారిపోతుంది. పాస్‌వర్డు మర్చిపోతే తిరిగి తెచ్చుకోవడానికి మీ నంబరు కూడా ఇచ్చి ఉంచండి.

తర్వాత సెట్టింగ్స్‌లో మూడు మార్పులు. ఇవి చేయకుండా ఆవిడ చేతికి ఫోన్ ఇవ్వకండి.

ఒకటి, `Display`లో అక్షరాల సైజు పెంచడం, ఇది అందరూ చేస్తారు. రెండోది ఎవరికీ తోచదు, అదే `Screen timeout`. చాలా ఫోన్లలో అది 30 సెకన్ల దగ్గర ఉంటుంది. మనకి సరిపోతుంది. పెద్దావిడ ఒక వాక్యం రాసి, తర్వాతది ఆలోచించుకుంటూ కిటికీలోంచి చూస్తే, తిరిగి చూసేసరికి స్క్రీన్ నల్లగా ఉంటుంది, "పోయింది" అనుకుంటుంది. దాన్ని 10 నిమిషాలకు పెట్టండి.

మూడోది `Accessibility`లో `Touch and hold delay`. దీన్ని `Long` చేయండి. ఎందుకో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే "రాసిందంతా మాయమైపోయింది" అని పెద్దవాళ్ళు మొత్తుకునే వాటిలో చాలా భాగం ఇక్కడే పుడుతుంది. మనం తెరని తాకి వెంటనే వేలు తీసేస్తాం. వాళ్ళు స్విచ్ నొక్కినట్టు నొక్కి పట్టుకుంటారు. రాసిన మాట మీద అలా పట్టుకుంటే ఫోన్ దాన్ని ఎంచుకున్నట్టు లెక్క, ఆ మాట చుట్టూ నీలం రంగు వస్తుంది, పైన ఒక చిన్న పట్టీ వస్తుంది, అందులో `Select all` ఉంటుంది. ఆ పట్టీ ఏంటో చూద్దామని ఆవిడ దాని మీద వేలు పెడితే ఉత్తరం మొత్తం నీలంగా మారుతుంది. అప్పుడు ఒక్క అక్షరం కొట్టినా చాలు, నీలంగా ఉన్నదంతా పోయి ఆ ఒక్క అక్షరం మిగులుతుంది. మా ఇంట్లో మొదటి పేరా అలాగే పోయింది, మిగిలింది ఒక్క "న". కాబట్టి ఆవిడకి ఒకే ఒక్క నియమం నేర్పండి. తెర మీద నీలం రంగు కనిపిస్తే ఏమీ రాయకు, పక్కన ఖాళీ చోట ఒకసారి ముట్టుకో, నీలం పోతుంది. దీన్ని ఖాళీ మెయిల్లో నాలుగైదుసార్లు కావాలని చేయించి చూపించండి. మా నానమ్మ దానికి "నీలిమందు" అని పేరు పెట్టుకుంది.

ఇక కీబోర్డు. ఇక్కడ మనవాళ్ళు చేసే పొరపాటేంటంటే, మనం వాడేదే వాళ్ళకీ పెడతాం, అంటే ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు అయ్యేది. తెలుగు బడిలో చదువుకున్న ఆవిడకి ఆ ఇంగ్లీషు అక్షరాలు ఎక్కడున్నాయో వెతుక్కోవడమే ఒక పెద్ద పని. జీబోర్డులో తెలుగు భాష చేర్చేటప్పుడు చేత్తో రాసే పద్ధతి కూడా ఉంటుంది, `Handwriting` అని. అది ఎంచుకోండి. కింద ఖాళీ పలక వస్తుంది, వేలితో మాట రాసి ఒక్క క్షణం ఆగితే అచ్చులో పైకి ఎక్కుతుంది. ఒక్కసారికి ఒక్క మాట, పలక నిండా పెద్దగా రాయమనండి. వత్తులు చిన్నగా మూలకి నొక్కి రాస్తే తప్పుగా అర్థం చేసుకుంటుంది. మా నానమ్మ "క్షేమం" అని మూడుసార్లు రాసినా రాలేదు, నాలుగోసారి వచ్చింది. అయినా పలక చూడగానే ఆవిడ మొహంలో టెన్షన్ పోయింది, ఇది ఆవిడకి తెలిసిన పని కదా.

మైకు కూడా ఉంది, తెలుగులో మాట్లాడితే రాసుకుంటుంది. చేతులు వణికేవాళ్ళకి అదే గతి. కానీ అది తరచూ వినే మాటల వైపే మొగ్గుతుంది. "మామిడి మోడు" అంటే "మామిడి మూడు" అని రాసింది. చుక్కలు, విరామాలు దానికి పట్టవు, పావు పేజీ ఒకే వాక్యంగా వచ్చేస్తుంది. మేం చివరికి పొడుగు భాగం మైకుతో చెప్పించి, తప్పు పడిన మాటలు పలక మీద రాసి దిద్దుకున్నాం. ఏది దిద్దాలో ఆవిడే చెప్పాలి. "ఏటి" అని ఉన్న చోట నేను "ఏమిటి" అని మార్చబోతే చేతి మీద ఒక్కటిచ్చింది.

ఇప్పుడు రెండో పూట. ఇక్కడ ఒక దగ్గరి దారి ఉంది, అది చెప్పి మా ఇంట్లో అది ఎందుకు కుదరలేదో చెప్తాను.

అన్నిటికంటే సులువైన మొదటి మెయిల్, జవాబు రాయడం. మనవడిని ముందు ఒక మెయిల్ పంపమనండి, "నానమ్మా ఎలా ఉన్నావు" అని ఒక్క ముక్క చాలు. అది తెరిచి `Reply` నొక్కితే చిరునామా దానంతటదే వస్తుంది, సబ్జెక్టూ వస్తుంది, ఆవిడ చేయాల్సింది రాయడం ఒక్కటే. పైగా వాడే ముందు రాశాడు కాబట్టి ఆ జవాబు వాడి స్పామ్‌లో పడే అవకాశం బాగా తక్కువ. ఈ స్పామ్ మాట గుర్తుంచుకోండి. మా నానమ్మ దీనికి ఒప్పుకోలేదు. "కబురు నాది, వాడు రాస్తే నేను జవాబివ్వడమేటి? నేనే ముందు రాస్తాను." మీ నానమ్మ కూడా ఇలాంటి మనిషైతే, కింద చెప్పినట్టు చేయండి.

ముందు కాగితం మీద రాయించండి. ఇది దండగ పని కాదు. తెర ముందు కూర్చుని ఏం రాయాలో, ఎలా రాయాలో రెండూ ఒకేసారి ఆలోచించడం ఆవిడకి కష్టం. కాగితం మీద అయితే విషయం తేలిపోతుంది, తర్వాత ఎక్కించడమే. ఆవిడ పాత కొలత ప్రకారం ఇన్‌లాండ్ లెటర్‌లో పట్టేంత రాసింది, చివర చోటు అయిపోయినట్టు అక్షరాలు చిన్నవి కూడా చేసింది. మెయిల్లో చోటుకి కరువు లేదని చెప్పాను. "చోటుందని వాగమంటావేటి" అంది.

తర్వాత చిరునామా. `Compose` నొక్కితే పైన `From`, `To`, `Subject`, కింద రాసే చోటు, ఇవి కనిపిస్తాయి. `From`లో ఆవిడ చిరునామానే ఉందా చూడండి, ఒకే ఫోన్లో రెండు అకౌంట్లుంటే పాతది పట్టుకుని ఉండొచ్చు, దాని మీద నొక్కితే మార్చుకోవచ్చు. `To`లో తమ్ముడి చిరునామా. ఈ @ గుర్తు చూసి "ఈ జంతికేటి" అని అడిగింది. కేరాఫ్ అని చెప్పాను. పాత రోజుల్లో ఫలానా వాడు, కేరాఫ్ ఫలానా కంపెనీ అని రాసేవాళ్ళు కదా, ఇది అదే, ముందున్నది మనిషి, వెనకున్నది ఆ మనిషి పేరు మీద ఉత్తరాలు పుచ్చుకునే చోటు. వెంటనే అర్థమైంది, తాతయ్యకి అన్నీ కేరాఫ్ ఉత్తరాలే రాసింది మరి.

చిరునామా మాత్రం చేత్తో ప్రతిసారీ కొట్టించకండి. మీరే ఒకసారి కాంటాక్ట్స్‌లో తమ్ముడి పేరు తెలుగులో రాసి, పక్కన చిరునామా చేర్చి పెడితే, తర్వాత `To`లో పేరు మొదటి అక్షరాలు రాయగానే కింద వాడి పేరు వస్తుంది, నొక్కితే చాలు. మీరు కొట్టేటప్పుడు కూడా చూసుకోండి, చుక్క తర్వాత కీబోర్డు దానంతటదే ఖాళీ వదులుతుంది, చుక్క బదులు కామా పడుతుంది. తప్పు పడితే ఎలా తెలుస్తుంది? చాలాసార్లు కాసేపట్లోనే `Mail Delivery Subsystem` అన్న పేరుతో ఒక మెయిల్ తిరిగొస్తుంది, అందులో `Address not found` అని ఉంటుంది. అది ఎవరో రాసిన జవాబు కాదనీ, చిరునామా తప్పని పోస్టుమేన్ వెనక్కి తెచ్చిచ్చిన ఉత్తరమనీ ముందే చెప్పి ఉంచండి.

ఇక సబ్జెక్టు. ఇన్‌లాండ్ లెటర్‌కి సబ్జెక్టు లేదు. అందుకని పాత ఉత్తరాలు రాసినవాళ్ళు ఆ గడి చూడగానే రాయడం మొదలు ఇక్కడే అనుకుని ఉత్తరమంతా అందులో పోస్తారు. మా నానమ్మ కూడా "చిరంజీవి చిన్నోడికి నానమ్మ ఆశీర్వదించి వ్రాయునది" అని అక్కడే మొదలెట్టింది. చెరిపించి, ఇది కవరు మీద రాసేదని చెప్పాను, విప్పకుండానే లోపల దేని గురించో తెలియాలి, నాలుగు మాటలు దాటకూడదు. చాలాసేపు ఆలోచించి "మోడు కాసింది" అని రాసింది. అంతకంటే మంచి సబ్జెక్టు నేను ఆఫీసులో ఎప్పుడూ చూడలేదు.

కింద రాసే చోట మీరు నోరు మూసుకోండి, అంతకంటే చెప్పేదేం లేదు. పైన కుడివైపు విశాఖపట్నం అని, తేదీ వేస్తానంటే వేయనివ్వండి. తేదీ దానంతటదే పడుతుందని నేను చెప్పాను, వినలేదు, మంచిదే అయింది. క్షేమసమాచారాలు అయ్యాక అసలు సంగతి రాసింది. చిగురు అంటు కట్టిన చోటుకి కిందనుంచి వచ్చిందట, అందుకే పాత చెట్టు బంగినపల్లి అయినా ఈ కాయ నాటుది, చిన్నది, పీచుది, నోట్లో పెట్టలేనంత పులుపు. "తినడానికి పనికిరాదు గాని ఆవకాయకి ఇంతకన్నా మంచి కాయ లేదురా. నలభై కాయ దిగింది. నీ వాటా జాడీ వేరే కట్టి పెట్టాను." పక్కన కూర్చున్న నాకు కూడా అప్పటిదాకా ఈ అంటు సంగతి తెలీదు.

ఫొటో పెట్టాలనుకుంటే పేపర్ క్లిప్ బొమ్మ నొక్కి గ్యాలరీలోంచి తీసుకోవడమే. జీమెయిల్లో మొత్తం 25 ఎంబీ దాకా జతచేయొచ్చు, ఫోన్ ఫొటోలు నాలుగైదుకి ఇబ్బంది లేదు. వీడియో అయితే దాటిపోతుంది, దాటినవాటిని డ్రైవ్ లింకుగా మారుస్తుంది, మొదటి మెయిల్‌కే ఆ తలనొప్పి వద్దు. మేం ఒక కాయ ఫొటో, మోడు ఫొటో పెట్టాం.

పంపేది పైన కుడివైపు ఉండే కాగితం విమానం. అది మాత్రం ఆవిడ వేలితోనే నొక్కించండి. నొక్కగానే కింద కొన్ని సెకన్ల పాటు `Undo` అని కనిపిస్తుంది. ఆ లోపు నొక్కితే మెయిల్ వెనక్కొస్తుంది. ఇది ముందే చూపించి ఉంచండి, ఎందుకంటే పంపిన మరుక్షణమే పెద్దవాళ్ళకి ఏదో గుర్తొస్తుంది. మా నానమ్మకి దీవెనలు రాయలేదని గుర్తొచ్చి "ఆపు ఆపు" అని అరిచింది, వెనక్కి తెచ్చి, "నానమ్మ దీవెనలు" అని చేర్చి మళ్ళీ విమానం నొక్కింది. మధ్యలో అలిసిపోతే బాణం గుర్తు నొక్కి బయటికి వచ్చేయమనండి, రాసినంతవరకు `Drafts`లో ఉంటుంది, రేపు అక్కడినుంచే మొదలెట్టొచ్చు.

పంపాక ఏమైందో కూడా చెప్పాలి, నా వంతు పొరపాటు అక్కడే ఉంది. ఒక రోజు గడిచింది, రెండు రోజులు, జవాబు లేదు. నాకు గాభరా. ఆవిడకి ఏమీ లేదు. తమ్ముడు మధ్యలో రెండుసార్లు ఫోన్ చేశాడు, ఉత్తరం ఊసెత్తలేదు, ఈవిడా ఎత్తలేదు. నేను అడగబోతే కళ్ళురిమింది. జర్మనీ అంటే దూరం కదా, ఉత్తరం వెళ్ళడానికి టైము పట్టదా అని ఆవిడ లెక్క. క్షణంలో వెళ్తుందని చెప్పడం నేను మర్చిపోయాను. మీరు మర్చిపోకండి. అక్కడ టైము మనకంటే వేసవిలో మూడున్నర గంటలు వెనక, చలికాలంలో నాలుగున్నర, అది కూడా చెప్పండి, లేకపోతే మనం పొద్దున్నే పంపి వాడి నిద్రలో జవాబు వెతుకుతాం.

నాలుగో రోజు కూర్చుని చూశాను. ఆవిడ `Sent`లో మెయిల్ ఉంది, అంటే ఫోన్లోంచి బయటికి వెళ్ళింది. చిరునామా తప్పని తిరిగొచ్చిన మెయిల్ ఏదీ లేదు. ఈ రెండూ సరిగ్గా ఉన్నాయంటే నేను ముందు అనుమానించేది అవతలివాడి `Spam`నే. నిన్నగాక మొన్న పుట్టిన అకౌంటు, అంతకుముందు ఆ ఇద్దరి మధ్య ఒక్క మెయిలూ లేదు, పైగా ఫొటోలు, యంత్రానికి అనుమానం రావడంలో వింతేముంది. తమ్ముడికి చాటుగా మెసేజ్ పెట్టాను. అక్కడే ఉంది. లేట్ చేసుంటే, జీమెయిల్ స్పామ్‌లో ఉన్నవి 30 రోజులకి తుడిచేస్తుంది. కంప్యూటర్లో తెరిచి `Not spam` నొక్కించాను, నానమ్మ చిరునామా వాడి కాంటాక్ట్స్‌లో చేర్పించాను. మీరు ఈ రెండు పనులూ అసలు పంపిన రోజే, వాడికి ఫోన్ చేసి చేయించండి.

ఆ రాత్రే జవాబొచ్చింది. పెద్ద జవాబు, రెండు తెరల పొడవు. నానమ్మ కళ్ళజోడు పెట్టుకుని చూసి, ఫోన్ నాకిచ్చింది. వాడు తెలుగు మాటలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాడు, ఆవిడకి ఒక్క ముక్క చదవరాలేదు. నేను చదివి వినిపిస్తానన్నాను. వద్దంది. ఫోన్ తీసుకుని, `Reply` ఎక్కడో అడిగి నొక్కి, పలక మీద ఒక్కో మాటా రాసింది, అరగంట పట్టింది. "నీ ఉత్తరం అందింది గాని చదవరాలేదు. అక్కని అడిగి తెలుగు పలక పెట్టించుకో. మళ్ళీ రాయి. జాడీ అలాగే ఉంది."